విలీనంలో సినర్జీ లెక్కలు రాసిన మనిషిగా నా అనుభవం

మా కంపెనీ పంపులు తయారుచేస్తుంది. కొన్నేళ్ల కిందట వాల్వులు తయారుచేసే ఇంకో కంపెనీని కొన్నది. ఆ మాట మొదలైన దగ్గర నుంచి, గత నెలలో మా పుస్తకాల్లో దాని విలువ తగ్గించే దాకా ఫైనాన్స్ విభాగం తరఫున నేను అందులోనే ఉన్నాను. రెండు కంపెనీలు కలిస్తే ఇంత ఆదా, ఇంత అదనపు అమ్మకం అని డైరెక్టర్ల బోర్డుకు చెప్పిన అంకె నిజంగా వస్తోందా లేదా అని నెలనెలా లెక్కగట్టడం నా పని. విలీనం వార్త పత్రికల్లో ఒకరోజు వస్తుంది. విలువ కొట్టివేత వార్త కొన్నేళ్ల తర్వాత ఓ మూల వస్తుంది. ఆ మధ్యకాలంలో లోపల ఏం జరుగుతుందో లోపలివాళ్లు రాయరు, అందుకే రాస్తున్నాను. కంపెనీల పేర్లు, అసలు ధర చెప్పను. కొనకముందు వాల్వుల కంపెనీ మార్కెట్ విలువ 100 అనుకోండి, మిగతా అంకెలన్నీ ఆ లెక్కలోనే ఇస్తాను.

జనవరిలో నన్ను పిలిచి గోప్యతా పత్రం మీద సంతకం చేయించుకున్నారు. వ్యవహారానికి ఒక మారుపేరు పెట్టారు, మెయిళ్లలోనూ ఫైళ్లలోనూ ఆ పేరే వాడాలి. పక్క కుర్చీలో కూర్చునేవాళ్లకు కూడా చెప్పకూడదు. మొదటి రెండు వారాలు నాకు ఇదంతా గొప్పగానే అనిపించింది, దాచుకోవడం ఎందుకు?

కొనడానికి కాగితం మీద రాసిన కారణాలు సబబుగానే ఉన్నాయి. మా అమ్మకాలు చాలాకాలంగా ఉన్నచోటే ఉన్నాయి. పంపు ఉన్న ప్రతిచోటా వాల్వులు ఉంటాయి. ఇద్దరి ఖాతాదారులూ చాలావరకు ఒకటే, ఇద్దరూ కొనే ముడిసరుకూ ఒకటే, ఉక్కు క్యాస్టింగులు, అంటే అచ్చుల్లో పోతపోసిన ఉక్కు భాగాలు. కాగితం మీద రాయని కారణం ఇంకొకటి ఉంది. మేం కొనకపోతే మా పోటీదారు కొంటాడు. సమావేశాల్లో ఎక్కువ సేపు నలిగింది ఈ రెండో కారణమే.

మేం మొదట 120 ఇస్తామన్నాం. అప్పుడు మా లెక్క ప్రకారం కలయిక వల్ల వచ్చే లాభం, అంటే సినర్జీ, పన్నులు పోగా ఏటా 3. ఇందులో ముడిసరుకు కొనుగోళ్లలో ఆదా 1.1, ప్రధాన కార్యాలయం, గోదాముల ఖర్చు తగ్గడం వల్ల 1.4, ఒకరి సరుకు ఇంకొకరి ఖాతాదారుకు అమ్మడం వల్ల 0.5. మార్చిలో ఆ పోటీదారు నిజంగానే రంగంలోకి దిగాడు. మా ధర 135కు పెరిగింది. ఆ వారాంతంలో మా సినర్జీ కూడా 5 అయింది.

అది ఎలా పెరిగిందో నా కళ్లతో చూశాను. పెద్ద తెరమీద ఎక్సెల్ పట్టిక తెరిచి పెట్టారు. సలహాదారులు ఒక్కో వరుస దగ్గర ఆగి ఆ విభాగం పెద్దను అడిగారు. "కొనుగోళ్లలో ఇంకొంచెం రాదా?" "గట్టిగా పట్టుకుంటే రావచ్చు." 1.1 కాస్తా 1.7 అయింది. "వాల్వులు మీ ఖాతాదారుల్లో పదిమందిలో ఒకరు కొంటారని రాశారు. ముగ్గురు కొనరా?" "అసాధ్యమేమీ కాదు." 0.5 కాస్తా 1.8 అయింది. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ ధర ముందు పెరిగింది, దాన్ని సమర్థించే లాభం తర్వాత దొరికింది. ఎక్కువ పెరిగినది కూడా ఖర్చు తగ్గించే వరుస కాదు, అమ్మకాల వరుస. ఖర్చు మన చేతిలో ఉంటుంది, అమ్మకం ఖాతాదారు చేతిలో ఉంటుంది. అందుకే రుజువు చేయడం కష్టమైనచోటే అంకెను సాగదీయడం తేలిక. మీరెప్పుడైనా ఇలాంటి పట్టిక చూస్తే పాత ప్రతి, కొత్త ప్రతి పక్కపక్కన పెట్టి ఏ వరుస పెరిగిందో చూడండి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి, మిగతా కథంతా దీనిమీదే నడుస్తుంది. 100 విలువైన దానికి 135 ఇచ్చాం. ఆ అదనపు 35 వాళ్ల వాటాదారులకు మొదటి రోజే నగదుగా వెళ్లిపోయింది. ఏటా 5 చొప్పున ఎప్పటికీ వస్తుందనుకుని, 10 శాతం రాబడి రేటుతో నేటి విలువ, అంటే రాబోయే ఆ డబ్బంతా ఇవాళ్టి లెక్కలో ఎంతో, కడితే 50 అవుతుంది. అందులో 35 తీసేసి, రెండు కంపెనీలనూ కలపడానికి అయ్యే ఒక్కసారి ఖర్చు 3 తీసేస్తే మా వాటాదారులకు మిగిలేది 12. బోర్డుకు చూపించిన చివరి పేజీ ఇదే. ఇప్పుడు ఆ 5 పూర్తిగా వస్తుందనే అనుకుందాం, కాకపోతే రెండేళ్లు ఆలస్యంగా మొదలవుతుంది. దాని నేటి విలువ 41.3కు పడిపోతుంది. కలిపే ఖర్చు 3 బదులు 7 అయిందనుకోండి, 34.3 మిగులుతుంది. చెల్లించిన 35 కూడా తిరిగి రాలేదు. చెప్పిన ఆదా పైసాతో సహా వచ్చినా, ఆలస్యం, పెరిగిన కలిపే ఖర్చు, ఈ రెండూ చాలు మొత్తం తుడిచిపెట్టడానికి. ఈ లెక్క వేసిన కాగితం నా దగ్గర ఉంది. అనుబంధంలో చేర్చారు, దాని మీద చర్చ జరగలేదు.

ఏప్రిల్ చివర్లో ప్రకటన వెలువడింది. ఆరోజు వాళ్ల షేరు ఎగిరి మేం ఇచ్చే ధరకు కాస్త దిగువన ఆగింది. మా షేరు పడిపోయింది. ఫలహారశాలలో ఎవరో "మార్కెట్‌కు మన దూరదృష్టి అర్థం కాలేదు" అన్నారు. మార్కెట్‌కు అర్థమైంది ఆ 35 అని నాకనిపించింది.

ప్రకటన అయ్యాక వెంటనే కలిసిపోతారని బయటివాళ్లు అనుకుంటారు. పోటీ నియంత్రణ సంస్థ అనుమతి వచ్చే దాకా రెండు కంపెనీలూ చట్టం దృష్టిలో పరాయివే. మాకు ఆ అనుమతి అక్టోబరుకు గానీ రాలేదు. అప్పటిదాకా వాళ్ల ధరలు, ఖాతాదారుల ఒప్పందాలు మేం చూడకూడదు, వాళ్లు మావి చూడకూడదు. చూస్తే అనుమతికి ముందే కలిసి వ్యవహరించినట్టు లెక్క, జరిమానా పడుతుంది. అందుకని బయటి సలహాదారులతో ఒక ప్రత్యేక బృందం పెట్టారు. ఇద్దరి కొనుగోలు ధరలూ వాళ్లే చూస్తారు, మాకు మొత్తాలు మాత్రమే చెబుతారు. "క్యాస్టింగుల్లో వాళ్లు మీకంటే సగటున 12 శాతం ఎక్కువ ఇస్తున్నారు." మాకు తెలిసింది ఆ ఒక్క వాక్యమే. ఎందుకు ఎక్కువ ఇస్తున్నారని అడగడానికి లేదు. కొనుగోళ్ల ఆదా 1.7 చాలావరకు ఈ వాక్యం మీదే నిలబడింది.

ఆ ఆరు నెలల నిరీక్షణ అన్నిటికంటే ఖరీదైనది. దాని ఖర్చు ఏ పట్టికలోనూ ఉండదు. అటువైపు ఏ నిర్ణయమూ జరగలేదు. కొత్త యంత్రం కొనాలన్నా, ఖాళీ అయిన ఉద్యోగం నింపాలన్నా "అక్టోబరు తర్వాత చూద్దాం" అన్నారు. ఉద్యోగాలు ఇప్పించే ఏజెన్సీలు వాళ్ల ఇంజనీర్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాయి. పోటీ కంపెనీల అమ్మకందార్లు ఖాతాదారుల దగ్గరికి వెళ్లి "ఆ వాల్వు రకం ఇక ఆపేస్తారట, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?" అని చెప్పి వచ్చారు. అది అబద్ధమని గట్టిగా చెప్పడానికి కూడా మాకు వీల్లేదు, ఏ రకం ఉంచుతామో ఇంకా నిర్ణయించలేదు మరి. అప్పుడు పోయిన ఖాతాదారుల్లో ఎక్కువమంది మళ్లీ రాలేదు.

అక్టోబరులో మొదటి రోజు కొత్త బ్యానర్లు, కేకు, అధ్యక్షుడి ప్రసంగం. వాళ్ల భవనంలో మా కార్డులు తలుపు తీయలేదు. రెండు మెయిల్ వ్యవస్థలు, రెండు క్యాలెండర్లు. ఒక సమావేశం కుదర్చాలంటే అటు ఒకరికి ఫోన్ చేసి అడగాల్సి వచ్చేది. ఇవన్నీ నెలలో సర్దుకున్నాయి. సర్దుకోనిది వస్తువుల కోడ్ నంబర్లు. ఒకే బోల్టుకు మా దగ్గర ఒక నంబరు, వాళ్ల దగ్గర మూడు. ఒకే ఖాతాదారు వాళ్ల జాబితాలో శాఖకో పేరుతో కనిపించేవారు. ఉమ్మడి ఖాతాదారులు ఎంతమంది అన్న ప్రశ్నకు జవాబు దొరకడానికే మరుసటి వేసవి వచ్చింది. ఆ జవాబు మేం పట్టికలో రాసుకున్న దానిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే.

క్యాస్టింగుల సంగతి వివరంగా చెప్పాలి. తలుపులు తెరుచుకోగానే నేను మొదట వెళ్లింది వాళ్ల కొనుగోలు విభాగం మేనేజరు దగ్గరికి. 12 శాతం ఎందుకు ఎక్కువ ఇస్తున్నారని అడిగాను. ఆవిడ సొరుగులోంచి ఒక కొనుగోలు ఆర్డరు తీసి నా ముందు పెట్టి, వేలితో మూడు చోట్ల చూపించారు. ఆర్డరు పరిమాణం నలభై ముక్కలు. సరఫరా గడువు పది రోజులు. ప్రతి ముక్కకూ ఎక్స్‌రే తనిఖీ ధ్రువపత్రం. "మీరెన్ని తీసుకుంటారండీ ఒకసారికి?" అని అడిగారు. మేం వేలల్లో తీసుకుంటాం, రెండు నెలల నిల్వ పెట్టుకుంటాం, మాకు ఎక్స్‌రే అవసరం లేదు. వాల్వుల్లో రకాలు వందలు, ఒక్కో రకం కొద్దిగానే అమ్ముడవుతుంది, లోపల అధిక పీడనం ఉంటుంది కనుక తనిఖీ తప్పదు. అంటే ఆ 12 శాతం చేతకానితనానికి ఇచ్చిన ధర కాదు, వేరే సరుకుకు ఇచ్చిన ధర.

అయినా లక్ష్యం లక్ష్యమే. మా సరఫరాదారుకు మార్చాం, ధర తగ్గింది, పట్టికలో ఆదా పూర్తిగా నమోదైంది. తర్వాత కనీస ఆర్డరు పరిమాణం వల్ల వాళ్ల గోదాములో నిల్వ పెరిగింది, పెట్టుబడి అందులో చిక్కుకుంది. తనిఖీ విడిగా చేయించాల్సి వచ్చింది, ఆ బిల్లు నాణ్యతా విభాగం ఖాతాలో పడింది. పది రోజులకు వచ్చే సరుకు ఆరు వారాలు పట్టడంతో కొన్ని ఆర్డర్లు ఆలస్యమై పరిహారం కట్టాం, అది అమ్మకాల ఖాతాలో పడింది. ఆదా ఒకచోట, దాని ఖర్చు మూడుచోట్ల. పట్టిక చూసేది ఆ ఒకచోటునే. అన్నీ కలిపి చూస్తే 1.7లో నిజంగా మిగిలింది 0.7. ఇది కూడా తక్కువేమీ కాదు. ఫాస్టెనర్లు, ప్యాకింగ్, రవాణా లాంటి రెండు కంపెనీలూ ఒకేలా వాడే వాటిలో వచ్చిన ఆదా నిక్కమైనదే.

నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది. ప్రకటనలో మా అధ్యక్షుడు సినర్జీ అంకె బహిరంగంగా చెప్పారు, వాటాదారుల కోసం. అది ఖాతాదారులు కూడా చదివారు. మరుసటి సంవత్సరం ధరల చర్చల్లో ఇద్దరు పెద్ద ఖాతాదారులు ఆ ప్రకటన ప్రింటు తీసుకుని వచ్చారు. "మీకింత ఆదా అవుతోందట, మా వాటా ఏది?" అని అడిగారు. కొంత ఇవ్వక తప్పలేదు.

అమ్మకాల సినర్జీ 1.8 ఏమైందన్నది త్వరగా చెప్పేయవచ్చు. మా అమ్మకందార్లు పంపులతోపాటు వాల్వులూ అమ్మాలి. ఖాతాదారు కంపెనీ ఒకటే, నిజమే. కానీ పంపు కొనేది ప్రాజెక్టు ఇంజనీరు, ప్లాంటు కట్టేటప్పుడు ఒకసారి. వాల్వు కొనేది నిర్వహణ విభాగంలో ఇంకొకరు, పాడైనప్పుడల్లా. ఇద్దరూ ఒకరికొకరు తెలియకపోవచ్చు. మావాళ్లకు ఒక పంపు మీద వచ్చే కమీషను, వాల్వుల మీద రావాలంటే నెలల తరబడి తిరగాలి. వాళ్లు తిరగలేదు, నేనైనా తిరగను.

ఇక వాల్వులు ఎక్కువగా చిన్న డీలర్ల ద్వారా వెళ్తాయి. ఆ డీలర్లే బిగిస్తారు, బాగుచేస్తారు. పెద్ద ఖాతాదారులను మేం నేరుగా చూసుకుంటాం, చిన్నవాళ్లకు మీరు వాల్వులతోపాటు మా పంపులు కూడా అమ్ముకోండి అని డీలర్లకు ప్రతిపాదించాం. డీలరు బతుకంతా ఆ పెద్ద ఖాతాదారు మీదే ఆధారపడి ఉంటుంది. వాళ్లు ఒప్పుకోలేదు, కొందరు పోటీ కంపెనీ సరుకు పెట్టుకున్నారు. ఇదే కథ అమెరికాలో ఎప్పుడో జరిగింది. 1994లో క్వేకర్ ఓట్స్ కంపెనీ స్నాపుల్ అనే పానీయాల కంపెనీని 170 కోట్ల డాలర్లకు కొన్నది. సూపర్ మార్కెట్లకు స్నాపుల్‌ను తన గోదాముల ద్వారా పంపుతానని, బదులుగా చిన్న దుకాణాలకు తన గేటొరేడ్ పానీయాన్ని స్నాపుల్ పంపిణీదార్లు వేయాలని ఆలోచించింది. సూపర్ మార్కెట్ల వ్యాపారం వదులుకోవడానికి పంపిణీదార్లు ఒప్పుకోలేదు. 1997లో దాన్ని 30 కోట్ల డాలర్లకు అమ్మేసింది. ఈ కథ మా సలహాదారులకు తెలియకుండా ఉండదు. మా ప్రతిపాదన పేజీ కూడా వాళ్లే తయారుచేశారు.

మొదటి వార్షికోత్సవం దాకా ఆగితే ముఖ్యమైన ఉద్యోగులకు ప్రత్యేక బోనసు ఇస్తామని ముందే ఒప్పందం చేసుకున్నాం. అది పనిచేసింది, ఆ తేదీ దాకా. బోనసు ఖాతాల్లో పడ్డ తర్వాత కొద్ది వారాల్లోనే రాజీనామాలు వరుసకట్టాయి. పోయినవాళ్లలో వాల్వు సీటింగు డిజైను చేసే సీనియరు ఇంజనీరు ఒకరు. డ్రాయింగులన్నీ ఉన్నాయి. ఏ కొలత ఎందుకు అలా పెట్టారో మాత్రం ఆయనకే తెలుసు. ఆయన్నే సలహాదారుగా గంటల లెక్కన తిరిగి పిలిపించుకున్నాం. ఉద్యోగం తగ్గినందుకు ఆదా నా పట్టికలో పడింది, గంటల బిల్లు వేరే పద్దులో పడింది.

అసలు పట్టిక నడిచే తీరే అలాంటిది. ప్రతి త్రైమాసికం చివరి నెలలో వచ్చిన ఆదాను పన్నెండుతో గుణించి "వార్షిక స్థాయి ఆదా" అని బోర్డుకు చెబుతారు. అది చేతికి వచ్చిన డబ్బు కాదు, ఇదే వేగంతో సాగితే రాబోయే డబ్బు. ఇంకా తమాషా ఏమిటంటే, పట్టికలో ఆదా వరుసలే ఉన్నాయి, నష్టం వరుస లేదు. పోయిన ఖాతాదారు ఎక్కడా కనపడడు. నష్టాలకూ ఒక నిలువు వరుస పెడదామని మొదటి శీతాకాలంలోనే అడిగాను. "అవి విలీనం వల్లే పోయాయని ఎలా చెప్పగలం?" అన్నారు. ఆదా విలీనం వల్లే వచ్చిందని ఎలా చెప్పగలిగామో అదే పద్ధతి అన్నాను. రెండో సంవత్సరంలో కొత్త ఫైనాన్స్ డైరెక్టరు వచ్చాకే ఆ వరుస పెట్టనిచ్చారు.

ఆ వరుస పెట్టాక రెండో ఏటి చివర తేలింది ఇది. పాత పద్ధతిలో ఆదా 3.6. నిజంగా లాభనష్టాల ఖాతాకు చేరినది కొనుగోళ్లలో 0.7, కార్యాలయాలు, గోదాముల్లో 1.2, అమ్మకాల్లో 0.2, వెరసి 2.1. పోయిన ఖాతాదారుల వల్ల తగ్గిన లాభం 0.6. నికరంగా 1.5. కలిపే ఖర్చు అప్పటికే 6.5 దాటింది, కంప్యూటర్ వ్యవస్థల విలీనం ఇంకా పూర్తికాలేదు. కార్యాలయాల ఆదా ఒక్కటే దాదాపు చెప్పినంత వచ్చిందని గమనించండి. అది ఎవరి అంగీకారమూ అక్కర్లేకుండా మా చేతిలో ఉన్న పని.

గత నెల ఆడిటర్లతో కూర్చున్నాం. 135లో వాళ్ల ఆస్తులకు, పేటెంట్లకు, ఖాతాదారుల సంబంధాలకు విడివిడిగా విలువ కట్టి అప్పులు తీసేస్తే 80 వచ్చింది. మిగిలిన 55 గుడ్‌విల్ అనే పేరుతో పుస్తకాల్లో ఉంది. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం దాన్ని ఏటా అరగదీయరు, ఏటా పరీక్షిస్తారు. రాబోయే నగదు రాకడల నేటి విలువ పుస్తకాల విలువకు సరిపోతుందా అని చూస్తారు. మొదటి ఏడాది అమ్మకాల అంచనాను తర్వాతి ఏళ్లకు జరిపి పరీక్ష గట్టెక్కించారు. ఈసారి ఆడిటర్లు నిరుటి అంచనా, నిరుటి వాస్తవం పక్కపక్కన పెట్టి అడిగారు. జవాబు లేదు. 18 కొట్టేశాం.

దీనివల్ల చేతిలోంచి ఒక్క రూపాయి పోదు, ఆ డబ్బు ఎప్పుడో పోయింది. జీతాలు ఆగలేదు, ఫ్యాక్టరీ ఆగలేదు. అంకె ప్రకటించిన రోజు మా షేరు కదల్లేదు కూడా, మార్కెట్ ఆ నష్టాన్ని కొనుగోలు ప్రకటన వెలువడిన రోజే లెక్కలో వేసుకుంది. వాల్వుల విభాగాన్ని ఇప్పుడు మళ్లీ విడిగా నడుపుతున్నారు. దాని కొనుగోలు విభాగం మేనేజరుకు క్యాస్టింగుల నిర్ణయం తిరిగి అప్పగించారు. ఆవిడ మొదటి వారంలోనే పాత సరఫరాదారుకు నలభై ముక్కల ఆర్డరు పంపారు. ధర మునుపటి కంటే 4 శాతం పెరిగింది, ఎందుకంటే మేం వదిలి వెళ్లిన చోట ఆయన ఇంకొకరిని చేర్చుకున్నాడు.